గేటు దగ్గర వినకూడని సలహాలు

కొత్త వస్తువులు తయారుచేసే కంపెనీల్లో ఇప్పుడు రెండు పద్ధతులు పక్కపక్కనే నడుస్తున్నాయి. మొదటిది స్టేజ్-గేట్. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన రాబర్ట్ కూపర్ 1980లలో దీనికి రూపమిచ్చాడు. ఆలోచన పుట్టిన దగ్గర్నుంచి సరుకు అంగట్లోకి వచ్చేదాకా ఐదు దశలు, ప్రతి దశకు ముందు ఒక గేటు. గేటు దగ్గర డబ్బూ మనుషులూ చేతిలో ఉన్న పెద్దలు కూర్చుని, తరవాతి దశకు ఖర్చు పెట్టాలో వద్దో తేలుస్తారు. రెండోది స్క్రమ్. నెలకు మించని స్ప్రింట్లు, ప్రతి స్ప్రింట్ చివర ఒక రివ్యూ. చేసిన పనిని వాడేవాళ్ళ ముందు పెట్టి, వాళ్ళ మాట విని, తరవాత ఏం చేయాలో మాట్లాడుకుంటారు.

రెండింటిలోనూ ఒక బల్ల, చుట్టూ మనుషులు, మధ్యలో చూపించే వస్తువు ఉంటాయి. బయటి నుంచి చూస్తే ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఒకదాని కొలతను రెండోదానికి పెట్టమనే సలహాలు పుట్టుకొస్తున్నాయి. చెప్పేవాళ్ళు అనుభవం ఉన్నవాళ్ళే, మంచి కోరే చెబుతారు. అయినా ఆ సలహాలు తప్పు. వాటిని పాటిస్తే ఏం జరుగుతుందో ఇక్కడ రాస్తున్నాను.

"డెమో అదిరింది కదా, గేటు దాటించేయండి"

అన్నిటికంటే ఎక్కువ వినిపించేదీ, ఎక్కువ డబ్బు పోగొట్టేదీ ఈ సలహాయే. దీనికి పోలావిజన్ కథ చాలు.

అక్కడికక్కడే ఫొటో చేతికిచ్చే కెమెరాతో పోలరాయిడ్ కంపెనీని నిలబెట్టిన ఎడ్విన్ లాండ్, అదే ఇంద్రజాలాన్ని సినిమా రీలుకు తేవాలని ఏళ్ళ తరబడి శ్రమించాడు. 1977లో పోలావిజన్‌ను లోకానికి చూపించాడు. కెమెరాతో తీసిన క్యాసెట్‌ను దాని సొంత ప్లేయర్‌లో పెడితే, కొద్దిసేపట్లో రంగుల బొమ్మ కదులుతూ కనిపించేది. ల్యాబ్ అవసరం లేదు. రసాయనశాస్త్రపరంగా అది అద్భుతం, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. చూసినవాళ్ళకు ఆశ్చర్యం కలిగింది. డెమో నిజంగానే అదిరింది.

కానీ ఆ క్యాసెట్‌లో పట్టేది రెండున్నర నిమిషాల పైచిలుకు సినిమా మాత్రమే. శబ్దం లేదు. ఒకసారి తీసింది చెరిపి మళ్ళీ తీయడానికి లేదు. వెలుతురు బాగా కావాలి, ఇంట్లో తీయాలంటే దీపం పెట్టుకోవలసిందే. ధర ఏడు వందల డాలర్లకు దగ్గర. మరోపక్క సోనీ బీటామాక్స్ 1975లోనే వచ్చింది, జేవీసీ వీహెచ్‌ఎస్ 1976లో వచ్చింది. అప్పటి వీడియో కెమెరాలు బరువే, ఖరీదే. అయినా టేపు మీద శబ్దం ఉంది, చెరిపి మళ్ళీ వాడుకోవచ్చు, ధర ఏటేటా దిగుతోంది. 1979లో పోలరాయిడ్ ఈ సరుకు మీద దాదాపు 6 కోట్ల 85 లక్షల డాలర్లు నష్టం రాసుకుంది. మరుసటి ఏడాది లాండ్ కంపెనీ సారథ్యం వదులుకున్నాడు.

ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీసి చూడండి. స్ప్రింట్ రివ్యూ అడిగేది: మనం చేసింది పనిచేస్తోందా, చూసినవాళ్ళు ఏమన్నారు, తరవాత ఏం మార్చాలి? పోలావిజన్‌ను ఈ ప్రశ్న అడిగితే జవాబు బాగానే వచ్చేది. దీపం కాంతి తగ్గించండి, క్యాసెట్ నిడివి పెంచండి అని నాలుగు సూచనలు కూడా దొరికేవి. గేటు అడిగేది వేరు: ఇది అనుకున్నట్టే పనిచేసినా, కొనేవాడికి ఇప్పుడున్నదాని కంటే, రేపు రాబోయేదాని కంటే మెరుగైనదేనా? ఇదే డబ్బును మన చేతిలో ఉన్న మరో ప్రాజెక్టుకు పెడితే ఇంకా లాభం కాదా? ఈ ప్రశ్నకు జవాబు డెమో గదిలో దొరకదు. టేపు ధర ఎటు పోతోందో, కుటుంబాలు ఇంట్లో సినిమా ఎందుకు తీసుకుంటాయో, ప్లేయర్‌తో సహా కొనడానికి ఎంతమంది ముందుకొస్తారో తెలిసినవాళ్ళ దగ్గర దొరుకుతుంది.

పోలరాయిడ్ కూపర్ పద్ధతిని వాడలేదు. అతని పుస్తకం వచ్చింది 1986లో. ఒకవేళ వాడి ఉన్నా గేటు ఆపి ఉండేదని నేననను. కనిపెట్టినవాడే కంపెనీ అధిపతి అయినప్పుడు, గేటు దగ్గర 'వద్దు' అనగలిగే మనిషి మిగలడు. గేటు కొలతలు ఎంత చక్కగా రాసుకున్నా, ప్రాజెక్టు తనది కాని వ్యక్తి కుర్చీలో లేకపోతే అవి పనిచేయవు. గేట్‌కీపర్లను ఎంచేటప్పుడు ముందు చూసుకోవలసింది ఇదే.

"రెండు వారాలకోసారి రివ్యూ ఎలాగూ ఉంది, దాన్నే చిన్న గేటు చేసేయండి"

పెద్దలకు ఈ మాట ఇష్టం. ఆరు నెలలు ఆగకుండా రెండు వారాలకోసారి పగ్గం చేతికొస్తుంది కదా అనిపిస్తుంది.

ఆచరణలో మొదట మారేది టీము మాట. రివ్యూలో సగం పనిచేసే వస్తువును తెచ్చి, ఇదిగో ఇక్కడ ఆగిపోతోంది అని చూపించే ధైర్యం ఎప్పుడుంటుంది? ఆ మాట వల్ల తమ ప్రాజెక్టు ఆగిపోదని తెలిసినప్పుడే. అదే బల్ల దగ్గర డబ్బు ఆపే అధికారం కూడా కూర్చుంటే, మూడో రివ్యూకల్లా డెమోకు రిహార్సళ్ళు మొదలవుతాయి. ఆగిపోయే భాగాన్ని ఆ రోజు ఆన్ చేయరు. స్లైడ్లు పెరుగుతాయి. వాడేవాళ్ళను పిలవడం తగ్గుతుంది, ఎందుకంటే వాళ్ళేమంటారో తెలియదు. రివ్యూ ఉన్నదే తెలియనిది తెలుసుకోవడానికి, అది పోయింది. గేటుకు కావలసిన నిజమైన సమాచారం కూడా దాంతోపాటే పోయింది, ఎందుకంటే ఆ సమాచారం పుట్టేది రివ్యూల్లోనే.

2020 నాటి స్క్రమ్ గైడ్ ఈ విషయంలో సూటిగా ఉంది. తయారైన పనిని విడుదల చేయడానికి స్ప్రింట్ రివ్యూను గేటుగా ఎప్పుడూ చూడకూడదని అందులో రాశారు. రివ్యూలో మార్కెట్ మారిన సంగతీ మాట్లాడుకోవచ్చు, మాట్లాడుకోవాలి కూడా. అయితే అక్కడ మారేది బ్యాక్‌లాగ్, అంటే చేయవలసిన పనుల వరస. ప్రాజెక్టు బతుకు అక్కడ తేలదు. మధ్యలో ఒక స్ప్రింట్‌ను రద్దు చేసే అధికారం కూడా ప్రొడక్ట్ ఓనర్ ఒక్కరిదే, అదీ ఆ స్ప్రింట్ లక్ష్యానికి అర్థం లేకుండా పోయినప్పుడు మాత్రమే.

మరో చిక్కుంది. రెండు వారాల్లో మార్కెట్ అంచనా మారదు, మారినట్టు కనిపించేది చాలావరకు అప్పటి మూడ్. ఒక మంచి డెమోకు మార్కులు పెరిగి, ఒక చెడ్డ డెమోకు తగ్గితే, ప్రాజెక్టు భవిష్యత్తు ఆ రోజు బ్యాటరీ ఛార్జింగ్ మీద ఆధారపడుతుంది.

"ఇప్పటికే నాలుగు కోట్లు పెట్టాం, ఇప్పుడాపితే అంతా వృథా"

దీన్ని లెక్కలోకి దిగి చూద్దాం. ఉదాహరణ కోసం నేనే కల్పించిన ఒక ప్రాజెక్టు. ఒక వ్యవసాయ పనిముట్ల కంపెనీ, భుజాన వేసుకునే బ్యాటరీ స్ప్రేయర్‌లో కొత్త రకం తెస్తోంది. నడక వేగాన్ని బట్టి మందు ధార తనంతట తాను తగ్గుతుంది, పెరుగుతుంది. మందు ఆదా అవుతుందని ఆశ. ఇప్పటికి నాలుగు కోట్లు ఖర్చయ్యాయి. డెవలప్‌మెంట్ పూర్తి కావాలంటే ఇంకా రెండు కోట్లు కావాలి. అది పూర్తయ్యాక ట్యాంకు మోల్డులు, డీలర్లకు సరుకు, ప్రచారం కలిపి మూడు కోట్లు. అన్నీ కలిసొచ్చి అమ్మకాలు సాగితే, రాబోయే ఏళ్ళ రాబడి నేటి విలువలో పదహారు కోట్లు.

కూపర్ పద్ధతి వాడే కంపెనీల్లో ఇలాంటిచోట ఒక సూత్రం వాడతారు. అంచనా వాణిజ్య విలువ అని దాన్ని అనుకోవచ్చు.

```
ECV = (NPV × Pcs − C) × Pts − D
```

ఇందులో NPV రాబోయే రాబడి నేటి విలువ, D ఇక మిగిలిన డెవలప్‌మెంట్ ఖర్చు, C మార్కెట్లోకి తెచ్చే ఖర్చు, Pts సాంకేతికంగా సాధించే అవకాశం, Pcs సాధించాక అమ్ముడయ్యే అవకాశం. సూత్రం మొత్తంలో ఇప్పటికే ఖర్చుపెట్టిన నాలుగు కోట్లకు చోటు ఎక్కడా లేదు. కావాలనే లేదు. ఆ డబ్బు ప్రాజెక్టును ఆపినా తిరిగిరాదు, నడిపినా తిరిగిరాదు. C కూడా బ్రాకెట్ లోపలే ఉందని గమనించండి. సాంకేతికంగా విఫలమైతే మోల్డులకు పెట్టే మూడు కోట్లు అసలు ఖర్చే కావు. అందుకే దాన్ని కూడా Pts తో గుణిస్తాం.

సాంకేతిక అవకాశం 0.8, అమ్ముడయ్యే అవకాశం 0.5 అనుకుందాం. పదహారులో సగం ఎనిమిది, అందులోంచి మూడు తీస్తే ఐదు, దాన్ని 0.8 తో గుణిస్తే నాలుగు, రెండు తీస్తే మిగిలేది రెండు కోట్లు. విలువ ఉంది కాబట్టి నడపవచ్చు అనిపిస్తుంది.

ఇప్పుడు స్ప్రింట్ రివ్యూల వైపు రండి. నాలుగో రివ్యూలో రైతుల్నీ, ఊళ్ళో స్ప్రేయర్లు బాగుచేసే మెకానిక్‌నీ పిలిచారు. ధార తగ్గడం, పెరగడం చూసి రైతులు మెచ్చుకున్నారు. మెకానిక్ మాత్రం నాజిల్ విప్పి చూసి, ఈ సెన్సర్‌లో మందు పేరుకుంటే నేను చేయలేను, కంపెనీకి పంపాలి, మందు కొట్టే అదునులో ఎవరు ఆగుతారు అన్నాడు. రివ్యూకు అది బ్యాక్‌లాగ్‌లో చేరే ఒక పని: సెన్సర్‌ను విప్పి కడుక్కునేలా మార్చాలి. టీము అంతే రాసుకుంటుంది, రాసుకోవడం సరైనదే. గేటుకు అదే మాట వేరే అర్థం ఇస్తుంది. డీలర్లను కనుక్కుంటే వాళ్ళూ అదే అన్నారు. అమ్ముడయ్యే అవకాశం 0.5 నుంచి 0.3కి దిగింది.

లెక్క మళ్ళీ వేయండి. పదహారులో 0.3 వంతు నాలుగు కోట్ల ఎనభై లక్షలు. మూడు తీస్తే కోటీ ఎనభై లక్షలు. 0.8 తో గుణిస్తే కోటీ నలభై నాలుగు లక్షలు. ఇంకా పెట్టవలసిన రెండు కోట్లు తీసేస్తే, యాభై ఆరు లక్షల నష్టం. నాలుగు కోట్లు పోయాయని ఏడ్చి మరో రెండు కోట్లు పెడితే, పోగొట్టుకునేది పెరుగుతుంది. గేటు చెప్పవలసింది 'ఆపండి', లేదా 'సెన్సర్ మార్చి మళ్ళీ ఇదే గేటుకు రండి'. స్టేజ్-గేట్‌లో గేటు చెప్పగలిగినవి నాలుగే మాటలు: ముందుకు, ఆపు, పక్కన పెట్టు, వెనక్కి వెళ్ళి మళ్ళీ రా. స్ప్రింట్ రివ్యూలో ఈ నాలుగూ ఉండవు. అక్కడ పని మారుతుంది, వరస మారుతుంది.

సరే, అవకాశం 0.5 దగ్గరే ఉందనుకోండి, రెండు కోట్ల విలువ ఉంది కదా, అప్పుడైనా నడపాలా? ఇది రివ్యూలో ఎప్పుడూ రాని ప్రశ్న, గేటుకు మాత్రమే చెందినది. అదే కంపెనీలో మరో ప్రాజెక్టు ఉందనుకుందాం: పాత స్ప్రేయర్లకు పట్టే మెరుగైన బ్యాటరీ ప్యాక్. రాబడి పది కోట్లు, అమ్ముడయ్యే అవకాశం 0.6, మార్కెట్ ఖర్చు రెండు కోట్లు, సాంకేతిక అవకాశం 0.9, మిగిలిన డెవలప్‌మెంట్ అరవై లక్షలు. లెక్కవేస్తే విలువ మూడు కోట్లు. ఇంజనీర్లు పరిమితం, డబ్బు పరిమితం. మిగిలిన డెవలప్‌మెంట్‌కు పెట్టే ప్రతి రూపాయికీ స్ప్రేయర్ ఒక రూపాయి విలువ ఇస్తుంది, బ్యాటరీ ప్యాక్ ఐదు రూపాయలు ఇస్తుంది. స్ప్రేయర్ బాగానే ఉన్నా, వరసలో వెనక్కి పోతుంది. స్ప్రేయర్ టీము తమ రివ్యూల్లో ఏ తప్పూ చేయలేదు. వాళ్ళ రివ్యూలో బ్యాటరీ ప్యాక్ పేరు వినపడే అవకాశమే లేదు. ఒకే ప్రాజెక్టును దగ్గరగా చూసే బల్ల రివ్యూ. అన్ని ప్రాజెక్టులనూ పక్కపక్కన పెట్టి చూడవలసిన బల్ల గేటు.

ఈ అంకెల మీద ఒక హెచ్చరిక. 0.5 అనేది కొలిచిన అంకె కాదు, కొందరు మనుషుల అంచనా. ప్రాజెక్టు ఇష్టమైనవాడు 0.7 అంటాడు. అందుకే అవకాశాన్ని అటూఇటూ కదిపి, ఏ అంకె దగ్గర విలువ సున్నా అవుతుందో చూడండి. మన స్ప్రేయర్‌కు అది 0.34 దగ్గర. అప్పుడు వాదన ఒక్క ప్రశ్నకు దిగుతుంది: అమ్ముడయ్యే అవకాశం మూడింట ఒక వంతు కంటే ఎక్కువేనని మన దగ్గర ఆధారం ఏముంది? దానికి జవాబు చెప్పగలిగేది రివ్యూల్లో రైతులూ డీలర్లూ అన్న మాటలు రాసి ఉంచుకున్న నోటుపుస్తకమే.

"ఒకదాంట్లో తక్కువొచ్చినా సగటు బాగుంది, పోనివ్వండి"

గేటులో రెండు రకాల కొలతలున్నాయి. మొదటివి తప్పనిసరి షరతులు. కంపెనీ దారికి సరిపోతుందా, సాంకేతికంగా సాధ్యమేనా, భద్రత, చట్టం, పర్యావరణం విషయాల్లో అభ్యంతరం ఉందా అన్నవి ఈ రకం. వీటికి జవాబు అవును, కాదు అంతే. రెండోవి మార్కులు వేసేవి. వస్తువు ప్రత్యేకత, మార్కెట్ ఆకర్షణ, మన బలాలతో పొంతన, రాబడికీ ప్రమాదానికీ ఉన్న నిష్పత్తి లాంటివి, ఒక్కోదానికీ పదికి ఇన్ని అని. చాలా కంపెనీల్లో అరవై శాతం వస్తే దాటినట్టు.

ఈ రెండింటినీ ఒకే పట్టికలో కలిపేయమనే సలహా ప్రమాదకరం. స్ప్రేయర్‌కే చూడండి. దారికి 8, ప్రత్యేకతకు 8, మార్కెట్‌కు 9, బలాలకు 7, మందు కారకుండా ఉండటానికి 2. మొత్తం యాభైకి ముప్పై నాలుగు, అరవై ఎనిమిది శాతం. గేటు దాటింది. కానీ ఆ రెండు మార్కుల అర్థం, మోసేవాడి వీపు మీద పురుగుమందు కారుతోందని. దాన్ని మార్కెట్ ఆకర్షణతో సర్దిపుచ్చడం ఏ లెక్కలోనైనా అన్యాయమే. తప్పనిసరి షరతు ఒక్కటి తప్పితే మార్కుల పట్టిక తెరవనే కూడదు.

స్క్రమ్‌లోనూ అవును, కాదు కొలత ఒకటుంది. దాన్ని డెఫినిషన్ ఆఫ్ డన్ అంటారు: ఒక పని పూర్తయిందనడానికి ఏమేం జరిగి ఉండాలో ముందే రాసుకున్న జాబితా. దాన్నే గేటు షరతుగా తీసుకోమనేవాళ్ళున్నారు. అది చేసిన పని నాణ్యతను చెబుతుంది, ఆ పని చేయదగినదేనా అన్నది చెప్పదు. ధార నియంత్రణ పరీక్షలన్నీ నెగ్గి 'డన్' అయిన స్ప్రేయర్‌ను ఎవరూ కొనకపోవచ్చు.

మార్కులు వేసేటప్పుడు గేట్‌కీపర్లు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా వేయాలి. ఆ తరవాత సగటు కంటే ముందు తేడాలు చూడాలి. మార్కెట్‌కు ఒకరు 9, మరొకరు 3 వేశారంటే ఇద్దరిలో ఒకరికి తెలిసింది రెండోవారికి తెలియదు. ఆ సంగతి బయటికి రప్పించడమే ఆ సమావేశంలో జరగవలసిన పని.

"అజైల్ వచ్చాక గేట్లెందుకు, తీసేయండి"

చాలా కంపెనీల్లో గేట్లు నిజంగానే పేరుకు మిగిలాయి. పైన వెడల్పుగా మొదలై కింద సన్నబడవలసిన గరాటు, పైనా కిందా ఒకే వెడల్పున్న గొట్టంగా మారిపోయిందని కూపరే చెబుతూ వచ్చాడు. అందులో పడ్డ ప్రతి ప్రాజెక్టూ కిందికి జారుతుంది, ఏదీ ఆగదు. అలాంటి గేట్లను చూసి విసిగినవాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. కానీ దీనికి విరుగుడు గేటును తీసేయడం కాదు. ఆపగలిగే అధికారాన్ని దానికి తిరిగివ్వాలి.

సాఫ్ట్‌వేర్‌లో వెనక్కి తిప్పుకోవడం చవక, అందుకే అక్కడ గేట్లు తక్కువైనా నడుస్తుంది. ప్లాస్టిక్, ఉక్కు, రసాయనం దగ్గర అలా కాదు. పోలావిజన్ కెమెరానూ ప్లేయర్‌నూ తయారుచేసింది ఆస్ట్రియాలోని యూమిగ్ అనే మరో కంపెనీ. ఆ ఉత్పత్తి మీద పెట్టుకున్న ఆశ కూలాక దానికి గట్టి దెబ్బ తగిలింది, 1980ల తొలినాళ్ళలో మూతపడింది. ఒక రివ్యూలో మాట మార్చుకున్నట్టు, మరొకరి కర్మాగారంలో పరచిన ఉత్పత్తి వరసను వెనక్కి తీసుకోలేం.

కాబట్టి రెండూ ఉండాలి, ఒకదానిలో ఒకటిగా. కూపరూ అనితా సోమరూ 2016లో రాసిన కలగలుపు పద్ధతి ఇదే: గేట్ల మధ్యనున్న దశల్లో, ముఖ్యంగా డెవలప్‌మెంట్, పరీక్ష దశల్లో, స్ప్రింట్లు నడుస్తాయి. వస్తువుల విషయంలో ప్రతి స్ప్రింట్‌కూ పూర్తిగా పనిచేసే నమూనా రాదు, దానికోసం టీమును పీడించకండి. ఊహకూ నమూనాకూ మధ్య ఉండే ఏదైనా చాలు: థర్మోకోల్ ట్యాంకు, 3డి ప్రింట్ చేసిన హ్యాండిల్, బల్ల మీద వైర్లతో ధార మార్చే పంపు. రైతు పట్టుకుని చూడగలిగితే, ఏదో ఒకటి అనగలిగితే ఆ స్ప్రింట్ పని నెరవేరినట్టే.

గేటును ఎక్కడ పెట్టాలన్నది క్యాలెండర్ చూసి తేల్చకండి. తిరిగిరాని ఖర్చు ఎక్కడుందో చూడండి. స్ప్రేయర్‌కు అది ట్యాంకు మోల్డుకు ఆర్డర్ ఇచ్చే రోజు. ఆ ఆర్డర్ ముందు గేటు ఉండాలి. ఆ గేటుకు టీము తేవలసినవి మూడు: పేరుపేరునా రైతులూ డీలర్లూ మెకానిక్‌లూ రివ్యూల్లో అన్న మాటలు, ఆ మాటల వల్ల మారిన రెండు అవకాశాల అంచనాలు, ఇంకా పెట్టవలసిన డబ్బు. ఇప్పటికే పెట్టిన డబ్బు లెక్క అకౌంట్స్ విభాగం దగ్గర ఉంటుంది, దాన్ని ఆ బల్ల మీదకు తేనవసరం లేదు.